అప్‌డేట్: చెస్‌లో పిన్ పెట్టి మెటీరియల్ గెలవాలంటే ఇంకో ఎత్తు కావాలి

నేను అడిగింది: "పిన్‌కీ స్క్యూయర్‌కీ తేడా ఎలా చెప్పాలి? వీటిలో నిజంగా మెటీరియల్ గెలిపించేది ఏది?"

జవాబిచ్చిన అందరికీ థాంక్స్. మన పావు దాడి చేసే లైన్‌లో ఎదుటివాళ్ల రెండు పావులుంటే, ముందు ఏది ఉందో చూస్తే చాలు. చిన్నది ముందుండి రాజో క్వీనో వెనక ఉంటే పిన్, పెద్దది ముందుంటే స్క్యూయర్.

రెండో ప్రశ్నకి బోర్డు మీద ఇలా పెట్టి చూశాను. నల్ల రాజు e8, గుర్రం e6, దాన్ని కాసే బంటు f7. నా ఏనుగు e1. గుర్రం కదిలితే రాజుకి చెక్ పడుతుంది కాబట్టి అది కదలకూడదు, నిజమే. కానీ ఏనుగుతో కొడితే బంటు తిరిగి కొడుతుంది, నష్టం నాకే. అదే నా f4 బంటుని f5కి తోస్తే గుర్రం పోయినట్టే. రాజు పక్కకి జరిగినా బంటు కొట్టేస్తుంది, వాళ్లకి దక్కేది ఒక్క బంటు.

స్క్యూయర్‌కి ఆ రెండో ఎత్తు అక్కర్లేదు. నల్ల రాజు e5, ఏనుగు e8 అనుకోండి. నేను e1 నుంచి నా ఏనుగుతో చెక్ ఇస్తే రాజు తప్పుకోవాలి, వాళ్ల ఏనుగు ఊరికే వస్తుంది. అయితే రాజు e6లో ఉంటే d7కో f7కో వెళ్లి ఏనుగుని కాస్తుంది, అప్పుడు ఏనుగుకి ఏనుగు, అంతే.

డయాగనల్‌లోనూ ఇదే లెక్క. కాకపోతే g5 బిషప్ f6 గుర్రాన్ని d8 క్వీన్‌కి పిన్ చేస్తే, ఆ గుర్రం రూల్ ప్రకారం కదలొచ్చు. అది కదిలి మనకే చెక్ ఇస్తుందేమో ముందే చూసుకోవాలి.