సీఆర్‌సీ: నాకు 110 వచ్చింది, పుస్తకంలో 001 ఉంది

గుంటూరు_ఈసీఈ: మెసేజ్ 1101, జనరేటర్ 1011. రిజిస్టర్ 000తో మొదలుపెట్టి నాలుగు బిట్లూ పంపితే 110 వచ్చింది. పుస్తకంలో 001. రేపు ల్యాబ్ వైవా, టెన్షన్‌గా ఉంది. ఎక్కడ తప్పింది?

కృష్ణలంక: చివర మూడు సున్నాలు పంపలేదు. అంతే.

పటమట_పాతవాడు: సున్నాలు అక్కర్లేదు, నాలుగు షిఫ్టులకే 001 వస్తుంది. నేను అలా రాస్తేనే ఎగ్జామినర్ మార్కులు కొట్టేశారు. పుస్తకంలో బొమ్మ తప్ప ఇంకోటి ఒప్పుకోరు.

కృష్ణలంక: నాలుగుకి 110 వచ్చిందని అతనే చెబుతున్నాడు కదండీ!

తెనాలి_మాస్టారు: మీరిద్దరూ మాట్లాడేది వేర్వేరు సర్క్యూట్ల గురించి. బాబూ, నీ సర్క్యూట్‌లో బిట్ r0 దగ్గర లోపలికొస్తుంది. r2 నుంచి 1 బయటపడినప్పుడే r1, r0లలో చేరేవాటికి ఎక్సార్ తగులుతుంది.

```
in  r2 r1 r0
1   0  0  1
1   0  1  1
0   1  1  0
1   1  1  0
0   1  1  1
0   1  0  1
0   0  0  1
```

నాలుగో షిఫ్టుకి బయటపడింది మొదటి బిట్ ఒక్కటే. మిగతా మూడు స్థానాల్లో ఉన్నదానికి భాగహారం ఇంకా జరగలేదు. వాటిని బయటికి నెట్టడానికే ఆ మూడు సున్నాలు. పాతవాడి గారి సర్క్యూట్‌లో వచ్చే బిట్‌ని ముందే r2తో ఎక్సార్ చేసి, ఆ ఫలితాన్నే r1కీ r0కీ ఇస్తారు. అందులో 011, 101, 001, 001. నాలుగుతో పూర్తి.

మిర్చియార్డ్_టెక్నీషియన్: మా కోల్డ్ స్టోరేజీలో టెంపరేచర్ కంట్రోలర్‌కి మోడ్‌బస్ ఫ్రేమ్ పంపితే జవాబే రావట్లేదు. నేనూ సున్నాతోనే మొదలుపెట్టా. ఈ లెక్కలు కాగితం మీదే పనికొస్తాయి.

తెనాలి_మాస్టారు: మోడ్‌బస్ ఆర్‌టీయూలో రిజిస్టర్ FFFFతో మొదలవ్వాలి, ప్రతి బైట్‌లో చిన్న బిట్ ముందు వెళ్లాలి. సున్నాతో మొదలుపెడితే మెసేజ్ ముందు అదనంగా చేరిన సున్నాలు కనపడవు. 01101 పంపినా అదే 001 వస్తుంది, చూడండి.

మిర్చియార్డ్_టెక్నీషియన్: FFFF పెట్టా. ఇంకా జవాబు లేదు.

తెనాలి_మాస్టారు: సీఆర్‌సీ రెండు బైట్లలో చిన్న బైట్ ముందు పంపుతున్నారా?

కృష్ణలంక: ఏదైతేనేం, రెండు సర్క్యూట్లూ ఒకటేగా. ఇంత గొడవెందుకు?

పటమట_పాతవాడు: ఒకటే అయితే నా మార్కులెందుకు పోయాయి? ప్రశ్నలో శేషం అడిగారు, సర్క్యూట్ అడగలేదు. జవాబు సరిగ్గా ఉన్నా దారి వాళ్లదే కావాలంటే అది పరీక్షా?

కృష్ణలంక: ఏ సర్క్యూటో రాయకుండా నాలుగు వరుసలు రాస్తే దిద్దేవాళ్లకెలా తెలుస్తుంది?

పటమట_పాతవాడు: అడగొచ్చుగా! వైవా ఉన్నది అందుకే.

తెనాలి_మాస్టారు: కృష్ణలంక గారూ, ఒకటే అన్నది 000తో మొదలైనప్పుడే. 111తో మొదలుపెట్టండి. మొదటిది ఏడు షిఫ్టులకి 110 ఇస్తుంది, రెండోది నాలుగుకి 101. అప్పుడు ఏ సర్క్యూటో చెప్పకపోతే జవాబుకి అర్థం లేదు. మార్కుల సంగతి నేను తేల్చలేను.

గుంటూరు_ఈసీఈ: మా షీట్‌లో బాణం r0 దగ్గరే ఉంది సార్. ఏడు షిఫ్టులు వేస్తా. సరిచూసుకోవడం ఎలా?

పటమట_పాతవాడు: సున్నాల బదులు 001 పెట్టి 1101001 పంపు. ఆఖరికి 000 రావాలి. ఏ సర్క్యూట్ వేశావో షీట్ పైనే రాయి తమ్ముడూ.