అప్‌డేట్: టోకి మాట దొరికింది

నా ప్రశ్న: "రాయగడలో మా గ్యారేజీ కుర్రాళ్లకు క్యాంబర్, టో, ట్రెడ్ డెప్త్ అంటే ఏంటో తెలుగులో ఎలా చెప్పాలి?"

క్యాంబర్‌కి ‘చక్రం వాలు’, ట్రెడ్ డెప్త్‌కి ‘గాడి లోతు’ అన్నాం, వెంటనే ఎక్కాయి. చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయో చెప్పే టో దగ్గరే చిక్కొచ్చింది. చివరికి మా మేస్త్రి పాదాల వేళ్లు లోపలికి తిప్పి నిలబడి, "ఇది లోమొగం" అన్నాడు. అంతే, కుర్రాళ్లకి అర్థమైపోయింది.

నిన్న ఒక జీపు వచ్చింది. ముందు టైర్లు రెండూ బయటి అంచున అరిగాయి. కుర్రాళ్లు వాలు తప్పిందన్నారు. టైరు మీద అడ్డంగా చెయ్యి రాయమన్నాను. లోపలికి రాస్తే నున్నగా ఉంది, బయటికి రాస్తే రంపంలా గుచ్చుకుంది. అంటే లోమొగం ఎక్కువైందన్నమాట. వాలు తప్పైతే అంచు నున్నగానే అరుగుతుంది. చక్రాన్ని స్టీరింగ్‌కి కలిపే టై రాడ్ తిప్పి సరిచేశాం. గాడి లోతు ఇంకా 3 మి.మీ. ఉంది, 1.6కి దిగితే మాత్రం టైరు మార్చాల్సిందే.