ఆస్తి పన్ను: అద్దె విలువ పోయి మూలధన విలువ వచ్చాక పాత ఇంటికి ఇంత పెరుగుతుందా?

మాది ఆంధ్రప్రదేశ్‌లో ఒక మున్సిపాలిటీ. 150 గజాల్లో నాన్నగారు కట్టిన పెంకుటిల్లు. 2021 ముందు వార్షిక అద్దె విలువ మీద లెక్క కాబట్టి, అద్దె ఎంత వస్తుందో చూసి, ఇంటి వయసుకు తగ్గింపు ఇచ్చి ఏడాదికి 2,400 వేసేవారు. ఇప్పుడు మూలధన విలువ అంటున్నారు. రిజిస్ట్రేషన్ విలువ ప్రకారం స్థలం 30 లక్షలు, ఇల్లు 8 లక్షలు, మొత్తం మీద 0.13 శాతం అంటే 4,940. ఇల్లు పాతబడింది కానీ స్థలం ధర పెరిగింది, భారమంతా అక్కడే. హైదరాబాద్‌లో మా అక్క ఇంటికి ఇప్పటికీ అద్దె లెక్కే.

ఒకేసారి కాకుండా ఏడాదికి 15 శాతం మించి పెంచరట. అంటే 2,760, తర్వాత 3,174... ఇలా 4,940 చేరేదాకా పెరుగుతూనే ఉంటుందా? ఈలోగా రిజిస్ట్రేషన్ విలువ సవరిస్తే ఆ 4,940 కూడా మారుతుందా?

రివిజన్ పిటిషన్ వేద్దామనుకుంటున్నాను. పెంకుటింటిని ఆర్‌సీసీగా రాశారేమో నోటీసులో ఎక్కడ చూడాలి? వేసినవాళ్లెవరైనా దయచేసి చెప్పండి.