అతని మెసేజ్‌లన్నీ ఈ రాత్రే తుడిచేద్దామనుకుంటున్నా, ఆగమంటారా? (బెంగళూరు)

పీజీ_పిల్ల, మారతహళ్ళి

పాత ఆఫీసులో నాతోపాటు ట్రైనింగ్‌లో ఉన్నతను ఐదు వారాలుగా వదలట్లేదు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాడు. మొదట్లో మామూలు మాటలే, నేనూ బాగానే మాట్లాడాను, అది దాచను. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారని చెప్పిన రోజు నుంచి బూతులు మొదలయ్యాయి. వాట్సాప్‌లో తిట్టింది చాలక ఇన్‌స్టాలో రెండు దొంగ అకౌంట్లు తెరిచి నా ఫోటోల కింద రాస్తున్నాడు. నిన్న రాత్రి వాట్సాప్‌లో మెసేజ్‌లు 24 గంటల్లో మాయమయ్యేలా పెట్టాడు. అవన్నీ చూస్తుంటే కడుపులో తిప్పుతోంది. అంతా తుడిచేసి, ఇన్‌స్టా కూడా తీసేసి పడుకుందామనుకుంటే మా రూమ్మేట్ ఆగమంటోంది. ఓ పది స్క్రీన్‌షాట్లు తీశాను, చాలవా?

సిల్క్‌బోర్డ్_బాధితుడు

తీసెయ్ అక్కా, ఎందుకు ఆ దరిద్రం. కంపెనీ వాళ్ల దగ్గర అంతా 180 రోజులు ఉంటుంది, గవర్నమెంట్ రూల్. పోలీసులు అడిగితే ఇచ్చేస్తారు.

జయనగర్_వకీలమ్మ

తమ్ముడూ, 180 రోజుల మాట 2021 ఐటీ రూల్స్‌లో ఉన్నది నిజమే. కానీ అది అకౌంట్ తెరిచేటప్పుడు ఇచ్చిన వివరాలకీ, కంపెనీ ఫిర్యాదు మీదో ఆర్డరు మీదో తీసేసిన సమాచారానికీ వర్తిస్తుంది. మనం మన ఫోన్లో తుడుచుకున్న చాట్‌కి కాదు. వాట్సాప్ అయితే చేరిపోయిన మెసేజ్‌లని తన దగ్గర పెట్టుకోదు. ఈ అమ్మాయి ఫోన్లోంచి పోతే మిగిలేది అతని ఫోన్లో ఉన్న కాపీ. అది అతను తెచ్చి ఇస్తాడా?

అమ్మా, ముందు ఈ రాత్రి మాయమయ్యేవి పట్టుకో. స్క్రీన్‌షాట్ కంటే స్క్రీన్ రికార్డింగ్ మేలు. రికార్డింగ్ ఆన్ చేసి ఫోన్ హోమ్ స్క్రీన్ నుంచి మొదలుపెట్టు, వాట్సాప్ తెరువు, అతని పేరు మీద నొక్కి నంబర్ కనిపించే పేజీ ఒక్క క్షణం చూపించు. తర్వాత చాట్‌లోకొచ్చి నిదానంగా పైకి జరుపు, తేదీలు చదవడానికి వీలుగా. ఆ నంబర్ పేజీ ఎందుకంటే, నువ్వు అతని పేరుతో సేవ్ చేసుకున్నావు కదా, స్క్రీన్‌షాట్‌లో పేరే వస్తుంది. ఎవరి నంబర్‌నైనా ఆ పేరుతో సేవ్ చేసుకోవచ్చని అవతలి లాయరు అడిగే మొదటి ప్రశ్న అదే.

ఇన్‌స్టాలో మెసేజ్‌లని ఎడమకి లాగితే టైమ్ కనిపిస్తుంది, అలా లాగి తియ్యి. దొంగ అకౌంట్ల పైన కనిపించే అందమైన పేరు కాదు, యూజర్‌నేమ్, ప్రొఫైల్ లింక్ కాపీ చేసి ఒక నోట్‌లో పెట్టుకో. పోలీసులు కంపెనీకి రాసేటప్పుడు పనికొచ్చేది ఆ లింకే.

కేఆర్‌పురం_బాబాయ్

నాకూ ఇలాగే అయ్యిందమ్మా. లోన్ యాప్‌లో ఎనిమిది వేలు తీసుకున్నా, కాంటాక్ట్స్ అందరికీ మెసేజ్‌లు పెట్టారు. 1930కి ఫోన్ చెయ్యి, వాళ్లు చూసుకుంటారు.

జయనగర్_వకీలమ్మ

బాబాయ్ గారూ, మీ సంగతిలో డబ్బు పోయింది కాబట్టి 1930 సరైనదే, అది ముఖ్యంగా డబ్బు మోసాలకి. ఈమెది వేధింపు. cybercrime.gov.in లో మహిళలు, పిల్లల మీద నేరాలకి వేరే భాగం ఉంది. అక్కడ పేరు లేకుండా కూడా ఇవ్వొచ్చు గానీ, ఈమెకి అతనెవరో తెలుసు, కేసు ముందుకు నడవాలి. Report and Track వాడి పేరు పెట్టి ఇవ్వడమే నయం.

బెళ్ళందూరు_భారతి

నా అనుభవం వినండి. రెండేళ్ల కిందట ఒకడు ఇలాగే విసిగిస్తే కోపంలో వాట్సాప్‌లోనే రిపోర్ట్ కొట్టాను. కింద బ్లాక్ చేసి చాట్ డిలీట్ చేయమనే టిక్ ఉంటుంది, చూడకుండా ఓకే అన్నాను. మొత్తం చాట్ పోయింది. రిపోర్ట్‌తో వాళ్లకి వెళ్లేవి చివరి ఐదు మెసేజ్‌లే, ఆ ఐదింటిలో నాలుగు గుడ్ మార్నింగ్‌లు! తర్వాత స్టేషన్‌కి వెళ్తే చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. రాసినవాడికి ఇప్పటికీ ఏమీ కాలేదు.

అందుకే ముందు దాచుకో, తర్వాత రిపోర్ట్, ఆ తర్వాతే బ్లాక్. ఇన్‌స్టాలో కూడా నువ్వు రిపోర్ట్ చేశాక ఆ అకౌంట్‌ని వాళ్లు తీసేస్తే ప్రొఫైల్ చూపించలేవు. అప్పటిదాకా Restrict పెట్టుకో. మెసేజ్‌లు రిక్వెస్ట్స్‌లోకి పోతాయి, నువ్వు చదివావో లేదో అతనికి తెలియదు.

పీజీ_పిల్ల, మారతహళ్ళి

రికార్డింగ్ చేశాను, పదకొండు నిమిషాలొచ్చింది. సిగ్గుగా ఉంది కానీ అడుగుతున్నా. మొదట్లో నేను పెట్టిన నవ్వు బొమ్మలు, గుడ్ నైట్‌లు ఉన్నాయి. ఒకసారి నేనూ గట్టిగా తిట్టాను. అవి మాత్రం తీసేసి మిగతాది ఇవ్వకూడదా?

జయనగర్_వకీలమ్మ

వద్దు. అతని ఫోన్లో అవి ఉన్నాయి. నువ్వు తీసేసిన ముక్క అతను తెచ్చి పెడితే, మిగతాదంతా నువ్వు ఏరుకుని ఇచ్చావనిపిస్తుంది. స్నేహంగా మాట్లాడటం నేరం కాదు.

నువ్వు వెతకాల్సింది వేరే ఉంది. వద్దని ఎక్కడైనా స్పష్టంగా రాశావా? భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్, అదే పాత 354డి, ఆమె ఇష్టం లేదని స్పష్టంగా తెలిపినా మళ్లీ మళ్లీ వెంటపడటం గురించి చెబుతుంది. 'నాకు మెసేజ్ చేయొద్దు' అన్న నీ ఒక్క ముక్క, దాని కింద అతను పెట్టిన నలభై మెసేజ్‌లు కలిపితేనే కేసు. లేకపోతే ఇప్పుడు ఒక్కసారి రాయి, మర్యాదగా. తర్వాత జవాబివ్వకు.

పీజీ_పిల్ల, మారతహళ్ళి

ఉందండీ! మూడో వారంలో రాశాను. 'ప్లీజ్, ఇంక మెసేజ్ చేయొద్దు, అమ్మకి చెప్తాను' అని.

హెబ్బాళ్_హ్యాష్‌గాడు

స్క్రీన్‌షాట్లు ఎవరికైనా పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫోటోగా పంపకండి, నాణ్యత తగ్గిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా కేబుల్‌తో లాప్‌టాప్‌లోకి. కత్తిరించకండి, మీద ఎర్ర గీతలు పెట్టకండి. గీతలు కావాలంటే కాపీ మీద. Export chat కూడా చేసుకోండి, కానీ అది ఉత్త టెక్స్ట్ ఫైలు, నోట్‌ప్యాడ్‌లో ఎవరైనా మార్చొచ్చు. వెతుక్కోవడానికి బాగుంటుంది, ఒంటరిగా సాక్ష్యంగా నిలబడదు.

విండోస్‌లో రికార్డింగ్ ఉన్న ఫోల్డర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, chat.mp4 బదులు మీ ఫైలు పేరు పెట్టి ఇది కొట్టి, వచ్చిన పొడుగాటి నంబర్ రాసి పెట్టుకోండి. ఫైల్లో ఒక్క బిట్ మారినా ఆ నంబర్ మారిపోతుంది.

```
certutil -hashfile chat.mp4 SHA256
```

సిల్క్‌బోర్డ్_బాధితుడు

కానీ కోర్టులో స్క్రీన్‌షాట్లు చెల్లవు కదా? 65బి సర్టిఫికెట్ ఉండాలంట.

జయనగర్_వకీలమ్మ

2024 జులై 1 నుంచి అది భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్. సర్టిఫికెట్ కావాలన్న మాట నిజం, అందులో మన హ్యాష్‌గాడు చెప్పిన నంబర్ కూడా రాయాలి. అయితే అది కాపీ ఇచ్చినప్పుడు. అసలు ఫోనే తెచ్చి చూపిస్తే ఆ అవసరం లేదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. ఎలా చూసినా ఫిర్యాదు ఇవ్వడానికి సర్టిఫికెట్ అక్కర్లేదు. అది కోర్టు దశలో మాట.

బెళ్ళందూరు_భారతి

ఇంకో మాట. మీ మెసేజ్‌లు ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగు బూతులే కదా? స్టేషన్‌లో కన్నడ ఎస్సైకి ఆ మాటల బరువు అర్థం కాదు. నా విషయంలో 'ఇందులో తప్పేముంది' అన్నారు. పక్కన కానిస్టేబుల్‌కి తెలుగొచ్చు, ఆయన చదివి తల వంచుకున్నాడు. మీరు ఒక కాగితం మీద తేదీ, మాట, దాని అర్థం మూడు వరుసల్లో ఇంగ్లీషులో రాసుకెళ్లండి. చెత్తగా అనిపించినా పూర్తి అర్థం రాయండి, చుక్కలు పెట్టకండి.

పీజీ_పిల్ల, మారతహళ్ళి

ఇప్పుడే ఒక ఫోటో పంపాడు. మా పీజీ గేటు. కింద 'శనివారం కలుద్దాం' అని. గూగుల్ మ్యాప్స్‌లోంచి తీసుంటాడంటోంది రూమ్మేట్. కానీ గేటు పక్కన కొబ్బరిబొండాల బండి ఉంది ఫోటోలో. ఆ బండి వచ్చి నెల కూడా కాలేదు.

జయనగర్_వకీలమ్మ

ఇక్కడ వరుస మారిపోతుంది. ఆ ఒక్క ఫోటో రికార్డ్ చేసి 112కి ఫోన్ చెయ్యి, మిగతా దాచుకోవడం తర్వాత. పీజీ ఆంటీకి చెప్పు. గేటు దగ్గర కెమెరా ఉంటే నెల రోజుల ఫుటేజ్ ఈ రాత్రే కాపీ తీయించు. డిస్క్ నిండగానే పాతదాని మీద కొత్తది రాసుకుంటుంది, ఎవరూ తుడవక్కర్లేదు.

అతను హైదరాబాద్‌లో ఉన్నాడు కదా, అక్కడికే వెళ్లమంటే ఒప్పుకోకు. ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ తీసుకోవాలి, భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్. బెంగళూరులో డివిజన్‌కొక సీఈఎన్ స్టేషన్ ఉంది, సైబర్ పని అక్కడ బాగా తెలుసు. ఇన్ఫాంట్రీ రోడ్‌లో కమిషనర్ ఆఫీసు దగ్గర వనితా సహాయవాణి కూడా ఉంది. ఇన్‌స్టా వివరాలు భద్రపరచమని పోలీసులు రాస్తే మెటా 90 రోజులు పక్కన పెడుతుంది, ఈలోగా వాళ్లు సరైన కాగితాలు పంపాలి. నీ ఇన్‌స్టా అకౌంట్ అప్పటిదాకా ఉంచు. డిలీట్ కొడితే 30 రోజుల్లో శాశ్వతంగా పోతుంది. భరించలేకపోతే డీయాక్టివేట్ చేసుకో, మళ్లీ తెరుచుకోవచ్చు.

కేఆర్‌పురం_బాబాయ్

ఫోన్ తీసేసుకుంటారా పోలీసులు? మా అల్లుడిది ఎనిమిది నెలలు ఇవ్వలేదు.

బెళ్ళందూరు_భారతి

మా స్నేహితురాలి ఫోన్ అడగనే లేదు, పెన్‌డ్రైవ్ తీసుకున్నారు.

జయనగర్_వకీలమ్మ

రెండూ జరుగుతాయి. ముందే చెప్పలేను. పాత ఫోన్ ఒకటి సిద్ధంగా పెట్టుకో, ఇస్తే రసీదు తీసుకో. సిమ్ వేరే ఫోన్లో వేసి వాట్సాప్ తెరిచే ముందు నన్ను అడుగు.

పీజీ_పిల్ల, మారతహళ్ళి

రెండు రోజుల తర్వాత రాస్తున్నా. 112 వాళ్లు రాత్రే వచ్చి వెళ్లారు. ఫిర్యాదు ఇచ్చాను, నంబర్ ఇచ్చారు, ఎఫ్‌ఐఆర్ ఇంకా కాలేదు. భారతి గారు చెప్పిన కాగితం రెండు పేజీలొచ్చింది, ఎస్సై అదే ముందు చదివారు. ఫోన్ సోమవారం తెమ్మన్నారు. కెమెరాలో పన్నెండు రోజులే ఉంది, బండి పక్కన ఫోటో తీస్తున్న మనిషి అందులో లేడు. ఇన్‌స్టా ఇంకా తీయలేదు. నా డేటా డౌన్‌లోడ్‌కి అడిగాను, లింక్ కోసం చూస్తున్నా.