క్లోజ్ ప్యాసేజ్‌లో ఏ మాటలు తీసేయాలి?

దేవరకొండ టీచర్: తొమ్మిదో తరగతికి గ్రామర్ టెస్టు పెడుతున్న. నాగార్జునసాగర్ పోయొచ్చిన ట్రిప్పు మీద పేరా నేనే రాసిన, పది ఖాళీలు పెట్టాలి. ప్రతి ఏడో మాట తీసేయాలా, నాకు కావాల్సినవి తీసేయాలా? ఆప్షన్లు ఇవ్వాలా? ఖాళీకి ఒక మార్కా, అరమార్కా?

రిటైర్డ్ సార్, నల్గొండ: లెక్క ప్రకారమే తీయాలె. 1953లో టేలర్ ఈ పద్ధతి తెచ్చిందే అట్ల. ఇష్టమొచ్చినవి తీస్తే టీచర్‌కు నచ్చిన రూల్సే పేపర్ల పడతయి. నేను జిల్లా పేపర్లు సెట్ చేసిన మనిషిని, ఊరికే చెప్తలేను.

మిర్యాలగూడ ట్యూషన్: సార్, టేలర్ దాన్ని తెచ్చింది పేరా చదవడానికి ఎంత సులువో కొలవడానికి, పిల్లల గ్రామర్ కోసం కాదు. ఏడో మాట లెక్కన పోతే ఒకచోట 'లాంచ్' ఎగిరిపోతుంది, ఇంకోచోట 'ఫిష్' పోతుంది. సాగర్‌లో వాళ్లు చేప తిన్నారో చికెన్ తిన్నారో పిల్లగానికి ఎట్ల తెలుస్తది? మేడమ్, ముందు ఒక చిట్టీ మీద రాసుకోండి: పాస్ట్ టెన్స్‌కు ఎన్ని, ప్యాసివ్‌కు ఎన్ని, ప్రిపోజిషన్లకు ఎన్ని. ఆ తర్వాత పేరాలో వెతకండి. మొదటి వాక్యం మాత్రం ముట్టుకోవద్దు, కథ ఎప్పటిదో పిల్లలకు అక్కడే తెలియాలి. మీ పేరాలో ఒకటి రెండు లైన్లు పెట్టండి, చూద్దాం.

పాలమూరు కుర్రాడు: అన్నా, కానిస్టేబుల్ ఎగ్జామ్‌కు ప్రిపేర్ అవుతున్న. క్లోజ్ టెస్ట్‌లో ముందు ఆప్షన్లు చూడాలా, పేరా చదవాలా? టైం సరిపోతలేదు, ఫుల్ టెన్షన్.

దేవరకొండ టీచర్: తమ్ముడూ, ఇక్కడ పేపర్ రాసేది కాదు, తయారు చేసేది. సార్, ఇదిగో నా లైన్లు: 'వి రీచ్డ్ ది డ్యామ్ ____ నూన్. ఇట్ ____ బిల్ట్ అక్రాస్ ది కృష్ణా.' నా జవాబులు 'ఎట్', 'వజ్'.

గద్వాల అక్క: రెండోదానికి 'ఈజ్' రాసినా కరెక్టే కదా, డ్యామ్ ఇప్పటికీ కృష్ణ మీదనే ఉంది.

రిటైర్డ్ సార్, నల్గొండ: కాదు. పేరా మొత్తం పాస్ట్‌లో నడుస్తుంటే మధ్యల 'ఈజ్' ఎట్ల వస్తది? తప్పే.

గద్వాల అక్క: 'వి విజిటెడ్ హైదరాబాద్, ఇట్ ఈజ్ ఎ బిగ్ సిటీ' అంటే తప్పా సార్? ఊరు మాయమైపోలేదు కదా. ఇట్లాంటి కీ వల్లనే మా అమ్మాయికి మార్కు పోయింది. అడిగితే 'కీలో అట్లనే ఉందమ్మా' అన్నరు.

రిటైర్డ్ సార్, నల్గొండ: ప్రతి పేరెంట్ గ్రామర్ చెప్పేటోళ్లే అయితే మేమెందుకు?

మిర్యాలగూడ ట్యూషన్: అక్క చెప్పింది నిజం సార్, రెండూ నిలబడతయి. ఖాళీ చెడ్డది, పిల్లలు కాదు. వాక్యం మారిస్తే అయిపోతది: 'ఇట్స్ ఫౌండేషన్ స్టోన్ ____ లెయిడ్ ఇన్ 1955.' పక్కన సంవత్సరం ఉంది కాబట్టి 'ఈజ్' పనికి రాదు, 'హాజ్ బీన్' కూడా రాదు. ఖాళీకి జవాబు చెప్పే గుర్తు పేరాలోనే ఉండాలె. అందుకే ఆ 1955ను ఇంకో ఖాళీగా తీసేయొద్దు.

మొదటి ఖాళీ కూడా ప్రమాదమే. 'ఎట్', 'బై', 'బిఫోర్', 'అరౌండ్' అన్నీ నూన్ ముందర కూర్చుంటయి. కీ రాయకముందే ఆప్షన్లు లేకుండా ఇద్దరు టీచర్లకు ఇచ్చి నింపమనండి. వేరే వేరే మాటలు వచ్చిన చోట వాక్యం మార్చండి, లేదంటే ఆ ఖాళీ వదిలేయండి.

దేవరకొండ టీచర్: మా స్కూల్లో ఇంగ్లీష్‌కు నేనొక్కదాన్నే. సోషల్ సార్‌కు ఇవ్వనా?

మిర్యాలగూడ ట్యూషన్: ఇవ్వండి, ఆయన రాసిన తప్పులే మీకు ఆప్షన్లుగా పనికొస్తయి. నూన్ దగ్గర 'ఎట్, ఆన్, ఇన్' మూడే ఇస్తే జవాబు ఒక్కటే మిగులుతది. కానీ ఆప్షన్లు ఇస్తే పిల్లలు గుర్తుపడతరు, సొంతంగా రాయరు. ఏది పరీక్షించాలో మీరే తేల్చుకోవాలె.

రిటైర్డ్ సార్, నల్గొండ: ఆప్షన్లు ఇస్తే గుడ్డిగా టిక్ పెడతరు. నేనైతే ఇయ్యను. సరిపోయే మాటలన్నీ కీలో రాసుకుని మార్కులు వెయ్యి.

గద్వాల అక్క: ఇందాక 'ఈజ్' తప్పన్నది మీరే కదా సార్?

దేవరకొండ టీచర్: నాకు అరవై పేపర్లు దిద్దాలె. ప్రిపోజిషన్లకు ఆప్షన్లు ఇస్తున్న, టెన్స్‌లకు బ్రాకెట్‌లో వెర్బ్ ఇచ్చి రాయమంటున్న. మార్కు సంగతి ఎవరూ చెప్పలే.

పాలమూరు కుర్రాడు: అన్నా, నా డౌట్ అట్లనే ఉంది.