లాంగ్ ప్రెస్‌కి ఎన్ని మిల్లీసెకన్లు పెట్టాలి?

అందరికీ నమస్కారం. వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో చేపలమ్మేవాళ్లు లెక్కలు రాసుకోడానికి చిన్న ఆండ్రాయిడ్ యాప్ చేస్తున్నాను. చేప పేరు మీద ట్యాప్ చేస్తే ఒక కేజీ కలుస్తుంది, నొక్కి పట్టుకుంటే ఆ వరుస చెరిగిపోతుంది.

చిక్కంతా పెద్దవాళ్లతోనే. ట్యాప్‌ని కూడా నిదానంగా, గట్టిగా నొక్కుతారు. లాగ్‌లో చూస్తే కుర్రాళ్ల ట్యాప్‌లు 100 మిల్లీసెకన్ల దగ్గర్లో ఉంటే, వీళ్లవి 450 నుంచి 600 దాకా పోతున్నాయి. ఇప్పుడున్న హద్దు 400. అందుకే వంజరం కేజీ కలపబోతే వరుసే ఎగిరిపోతోంది.

800కి పెంచి చూశాను. పెద్దవాళ్లకి బాగుంది, కానీ కుర్రాళ్లు యాప్ ఆగిపోయిందనుకుని ముందే వేలు తీసేస్తున్నారు. అది ట్యాప్ కింద పడి, చెరపాల్సిన చోట ఇంకో కేజీ కలుస్తోంది!

`ViewConfiguration.getLongPressTimeout()` వాడితే ఫోన్ సెట్టింగ్స్‌లో ఉన్న ఆలస్యమే వస్తుంది, నిజమే. ఆ సెట్టింగ్ మార్చుకునేవాళ్లు ఇక్కడ ఎవరున్నారండీ?

300 దగ్గర వరుసలో రంగు నిండటం మొదలై, 700కి పూర్తయి వైబ్రేట్ అయ్యాకే చెరిపేలా చేద్దామనుకుంటున్నాను. మధ్యలో, అంటే 500 దగ్గర వేలు తీస్తే దాన్ని ట్యాప్ అనుకోవాలా, రద్దు చేయాలా? రద్దు చేస్తే పెద్దవాళ్ల కేజీలు పోతాయి. లేక చెరపడాన్ని వెంటనే జరగనిచ్చి, కింద 'వెనక్కి తెచ్చుకో' బటన్ కాసేపు చూపిస్తే సరిపోతుందా? ఇలాంటి వాడకందార్లతో పనిచేసినవాళ్లు చెప్పగలరు.