జర్మనీ పైలట్ల సమ్మె వార్త: టికెట్ ఇప్పుడే కొనాలా, ఆగాలా?

వాసంతి, చంద్రగిరి
చెల్లి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంది, నవంబర్ మూడో వారంలో డెలివరీ. అమ్మానాన్నలకు వీసా వచ్చేసింది. చెన్నై నుంచి నేరుగా పోయే జర్మన్ ఎయిర్‌లైన్‌లో పైలట్లు సమ్మెకు ఓటేశారని వార్త. ఏజెంటు ఈరోజే కొనమంటాడు, మామయ్య ఆగమంటాడు. ఇప్పుడే బుక్ చేయాలా, ఆగాలా?

సుబ్బరామయ్య, చిత్తూరు
ఆగండమ్మా. మావాడి టికెట్ రద్దయినప్పుడు ఏజెంటు ఎయిర్‌లైన్ మీద, ఎయిర్‌లైన్ ఏజెంటు మీద చెప్పుకుంటూ పోయారు. సంక్రాంతికి రావాల్సిన డబ్బు వినాయక చవితి దాటాక వచ్చింది. సమ్మె సంగతి తేలాక కొనండి.

మునిరాజు, పీలేరు
2025 డిసెంబర్‌లో ఇండిగో సమ్మె చూశాం కదా. ఎవరైనా ముందు చెప్పారా? వార్తలు చూసి నిర్ణయాలు తీసుకోవద్దు.

హరి, రేణిగుంట
మునిరాజు అన్నా, అది సమ్మె కాదు. పైలట్ల డ్యూటీ గంటలు, విశ్రాంతి మీద కొత్త నిబంధనలు వచ్చాయి, వాటికి సరిపడా మనుషులు లేక ఫ్లైట్లు ఆగిపోయాయి.

వాసంతి అక్కా, నేను చెన్నైలో టికెటింగ్ కౌంటర్‌లో చాలాకాలం పనిచేశాను. ఓటు పడిందంటే సమ్మె తేదీ వచ్చినట్టు కాదు. 2022లో జర్మన్ ఎయిర్‌లైన్ లుఫ్తాన్సాలో ఏం జరిగిందో చూడండి. జులై చివర్లో పైలట్ల ఓటింగ్ ఫలితం వచ్చింది, 97 శాతానికి పైగా సమ్మెకు సరే అన్నారు. ఆ తర్వాత నెల రోజులు చర్చలే, విమానాలు మామూలుగానే ఎగిరాయి. సెప్టెంబర్ 2న సమ్మె అని యూనియన్ చెప్పింది దాదాపు ముందురోజే. ఆ రోజు సుమారు 800 ఫ్లైట్లు రద్దయ్యాయి. మళ్లీ 7వ తేదీ నుంచి సమ్మె అన్నారు, 6వ తేదీనే ఒప్పందం కుదిరి ఆపేశారు. ఆగస్టు అంతా ఆగిన మనిషికి ఏం తెలిసింది? ఏమీ తెలియలేదు. ఖచ్చితమైన కబురు వచ్చేది చివరి ఒకటి రెండు రోజుల్లోనే, అప్పటికి తక్కువ రేటు సీట్లు మిగలవు.

సుబ్బరామయ్య, చిత్తూరు
కెనడాలో మూడు రోజుల ముందు చెప్పాలని చట్టమే ఉంది. జర్మనీలో ఉండదా?

హరి, రేణిగుంట
కెనడాలో 72 గంటల నోటీసు తప్పనిసరి, నిజమే సార్. 2025 ఆగస్టు 13న ఎయిర్ కెనడా క్యాబిన్ సిబ్బంది నోటీసు ఇచ్చారు, 16న సమ్మె. అయితే కంపెనీ 14 నుంచే ఫ్లైట్లు రద్దు చేయడం మొదలుపెట్టింది. జర్మనీలో విమానాలకు అలాంటి గడువు ఏదీ చట్టంలో లేదు.

బాషా, పుత్తూరు
ఇంత టెన్షన్ దేనికి? ఫ్లైట్ రద్దయితే యూరప్ రూలు ప్రకారం మనిషికి 600 యూరోలు ఇస్తారు. కొనేయండి అక్కా.

హరి, రేణిగుంట
బాషా భాయ్, సగమే చెప్పావు. ఎయిర్‌లైన్ సొంత పైలట్లో క్యాబిన్ సిబ్బందో సమ్మె చేసి, ప్రయాణానికి రెండు వారాల లోపు రద్దు కబురు చెబితే ఆ డబ్బు అడగొచ్చు. యూరప్ కోర్టు 2021లో తీర్పు ఇచ్చింది, సొంత సిబ్బంది సమ్మెను అనుకోని విపత్తుగా చూపి తప్పించుకోవడం కుదరదని. అదే ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీ వాళ్లు, కంట్రోల్ టవర్ వాళ్లు ఆపేస్తే ఆ 600 రావు. వేరే ఫ్లైట్ లేదా డబ్బు వాపసు, ఆగిపోయిన చోట భోజనం, బస మాత్రం అప్పుడు కూడా ఇవ్వాలి.

ఎయిర్‌పోర్ట్ సమ్మె అయితే ఎయిర్‌లైన్ మార్చినా లాభం లేదు. 2025 మార్చి 10న ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్‌తో సహా 13 ఎయిర్‌పోర్టుల్లో సమ్మె జరిగింది. హాంబర్గ్‌లో అయితే ముందురోజే, దాదాపు చెప్పకుండానే మొదలైంది.

మునిరాజు, పీలేరు
మొత్తానికి ముందు చెప్పరనే కదా నేను అన్నది! సమ్మె అన్నా, మనుషులు లేరన్నా ఎయిర్‌పోర్ట్‌లో కూర్చున్నవాడికి ఒకటే.

హరి, రేణిగుంట
కూర్చోవడం ఒకటే అన్నా, ముందు కనపడేది ఒకటి కాదు. సమ్మెకు యూనియన్ ప్రకటన ఉంటుంది. 2024 మేలో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ సిబ్బంది ఒక్కసారిగా సిక్ లీవ్ పెట్టారు, దానికి ఏ ప్రకటనా లేదు. అక్క అడిగింది ప్రకటన వచ్చే రకం.

సుబ్బరామయ్య, చిత్తూరు
కౌంటర్‌లో కూర్చున్నవాళ్లు ఎప్పుడూ "కొనండి" అనే అంటారు. నష్టపోయేది మనం. ఎయిర్‌లైన్ తరఫున మాట్లాడటం మానుకో.

హరి, రేణిగుంట
సార్, ఆ మాట వద్దు. జీతాలు ఆపితే గేటు బయట నేనూ నిలబడ్డాను. ఆ తర్వాతి వారం కౌంటర్‌లో కూర్చుని ప్రయాణికుల తిట్లు తిన్నదీ నేనే. మీ డబ్బు ఇరుక్కుపోయిన చోటు సమ్మె కాదు, ఏజెంటు. డబ్బు ఎవరి ఖాతా నుంచి పోయిందో ఎయిర్‌లైన్ అక్కడికే తిరిగి పంపుతుంది. ఏజెంటు కడితే ఏజెంటుకే వస్తుంది. ఎయిర్‌లైన్ సొంత సైట్‌లో మన కార్డుతో కొంటే మన కార్డుకే వస్తుంది.

వాసంతి, చంద్రగిరి
ఒక్క మాట చెబుతాను, అది ముందే చెప్పాల్సింది. ఈ డబ్బు బంగారం కుదువ పెట్టి తెచ్చింది. అది ఒకచోట ఇరుక్కుంటే రెండో టికెట్ కొనడానికి ఇంట్లో ఇంకేమీ లేదు. నా భయం సమ్మె గురించి కాదు, డబ్బు వాపసు వచ్చేలోపు చెల్లి దగ్గర ఎవరూ ఉండరేమోనని.

సుబ్బరామయ్య, చిత్తూరు
నేను మొదటి నుంచి అంటున్నది అదేనమ్మా. నాకు చెప్పడం రాలేదు.

హరి, రేణిగుంట
అలాగైతే అక్కా, సమ్మె కబురు వినగానే మీరే టికెట్ క్యాన్సిల్ చేయకండి. మీరు చేస్తే ఛార్జీలు పోను మిగిలిందే ఇస్తారు. వాళ్లు రద్దు చేస్తే పూర్తి డబ్బు అడగొచ్చు, లేదా అదే టికెట్ మీద వేరే ఫ్లైట్ అడగొచ్చు. మీ దగ్గర రెండో టికెట్‌కు డబ్బు లేదు కాబట్టి రద్దు మెసేజ్‌లోని "వాపసు" బటన్ నొక్కొద్దు, వేరే ఫ్లైట్ అడగండి. ఒకసారి డబ్బు తీసుకుంటే మిమ్మల్ని చేర్చే బాధ్యత వాళ్ల మీద నుంచి పోతుంది. సమ్మె దగ్గరపడితే "ఛార్జీ లేకుండా తేదీ మార్చుకోవచ్చు" అని వాళ్ల సైట్‌లో చాలాసార్లు పెడతారు. అది కనపడితే గొడవ ముదిరిందని అర్థం.

డెలివరీకి కనీసం పది రోజుల ముందు దిగేలా తేదీ పెట్టుకోండి. ఒకరోజు సమ్మె వచ్చినా సర్దుకుంటుంది. వీసా స్టిక్కర్ మీద మొదలయ్యే తేదీ మాత్రం చూసుకోండి, దానికన్నా ముందు దిగనివ్వరు. ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోవద్దు. వీసాకు తీసుకున్నది ప్రధానంగా వైద్య ఖర్చులకే. ఇప్పుడు కొత్తగా తీసుకున్నా, వార్త బయటికి వచ్చాక కొన్న పాలసీ ఆ సమ్మెకు సాధారణంగా వర్తించదు.

బాషా, పుత్తూరు
దుబాయ్ మీదుగా పోతే పైలట్ల గొడవే ఉండదు కదా?

వాసంతి, చంద్రగిరి
అమ్మకు తెలుగు తప్ప ఏమీ రాదు, నాన్నకు మోకాళ్ల నొప్పులు. దుబాయ్‌లో రాత్రిపూట ఫ్లైట్ మారడం వాళ్లవల్ల అవుతుందా?

హరి, రేణిగుంట
వీల్‌చైర్ ముందే అడిగితే మనిషి వచ్చి రెండో గేటు దాకా తీసుకెళ్తాడు. రెండు ఫ్లైట్లూ ఒకే టికెట్ మీద ఉండాలి. విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమైతే రెండోది పోయినట్టే. నేనైతే నేరుగా పోయేదే కొంటాను.

సుబ్బరామయ్య, చిత్తూరు
నేనైతే దుబాయ్‌దే. వీల్‌చైర్ ఉంటుంది, ఆ సమ్మెతో సంబంధం ఉండదు. బంగారం పెట్టి తెచ్చిన డబ్బమ్మా అది.

వాసంతి, చంద్రగిరి
రెండింటి రేట్లూ ఎయిర్‌లైన్ సైట్లలో చూస్తున్నాను. ఏజెంటుకు వద్దని చెప్పేశాను. నాన్నతో మాట్లాడి రాత్రికి ఏదో ఒకటి కొంటాం.